వలస వెళ్లిన కుటుంబానికి కుల ధ్రువీకరణ పత్రం: కొత్త రాష్ట్రం దేనిని ఒప్పుకుంటుంది, దేనిని ఒప్పుకోదు

ముంబయిలోనో, సూరత్‌లోనో, బెంగళూరులోనో రెండు మూడు తరాలుగా స్థిరపడిన తెలుగు దళిత, గిరిజన కుటుంబాలకు పిల్లల కాలేజీ చదువు దగ్గర పడేసరికి ఒకే చిక్కు ఎదురవుతుంది. అక్కడి అధికారులు కుల ధ్రువీకరణ పత్రం ఇవ్వనైనా ఇవ్వరు, లేదా ఇచ్చిన పత్రం అక్కడి కాలేజీలో చెల్లదు. ఈ రెండూ ఒకే సమస్య కావు. పత్రం ఇచ్చే అధికారం కొత్త రాష్ట్రానికి ఉందా అన్నది ఒక ప్రశ్న, ఆ పత్రం మీద కొత్త రాష్ట్రం తన రిజర్వేషన్‌ను వర్తింపజేస్తుందా అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు చాలావరకు అవును, రెండోదానికి దాదాపు ఎప్పుడూ కాదు. ఈ తేడా తెలియకపోవడం వల్ల కొందరు తమకు రావలసిన పత్రాన్ని అడగకుండానే మానుకుంటున్నారు, మరికొందరు చెల్లని చోట దాన్ని వాడి, చదువు పూర్తయ్యాకో ఉద్యోగంలో చేరాకో చిక్కుల్లో పడుతున్నారు. ఈ వ్యాసం ముఖ్యంగా షెడ్యూల్డు కులాలు, తెగల గురించి, అందులోనూ తెలుగు ప్రాంతాల నుంచి మహారాష్ట్రకు వెళ్లిన కుటుంబాల గురించి. వెనుకబడిన తరగతుల సంగతి చివరిలో కొంత చెబుతాను.

మూలం రాజ్యాంగంలోని 341, 342 అధికరణాల్లో ఉంది. ఏ కులాలు షెడ్యూల్డు కులాలో, ఏ తెగలు షెడ్యూల్డు తెగలో రాష్ట్రపతి ప్రకటిస్తారు. ఆ ప్రకటన దేశమంతటికీ ఒకటిగా కాక, ప్రతి రాష్ట్రానికీ విడిగా, ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ అన్న షరతుతో వెలువడుతుంది. షెడ్యూల్డు కులాల ఉత్తర్వు 1950 ఆగస్టు 10న, తెగల ఉత్తర్వు అదే ఏడాది సెప్టెంబరు 6న వెలువడ్డాయి. వాటిలో ఒక్క పేరు చేర్చాలన్నా తొలగించాలన్నా పార్లమెంటు చట్టం చేయవలసిందే, రాష్ట్ర ప్రభుత్వానికి గానీ న్యాయస్థానానికి గానీ ఆ అధికారం లేదు. కాబట్టి కలెక్టరుకు ఎంత సానుభూతి ఉన్నా, ముఖ్యమంత్రి ఎంత సుముఖంగా ఉన్నా, వలస వచ్చిన కుటుంబాన్ని తమ రాష్ట్రపు ఎస్సీగా లెక్కించడం వారి చేతిలో లేదు.

ఇక్కడే చాలామంది ఒక ప్రశ్న అడుగుతారు. మాదిగ కులం తెలంగాణ జాబితాలోనూ ఉంది, మహారాష్ట్ర జాబితాలోనూ ఉంది. మాల కులం కూడా అంతే. రెండు చోట్లా అదే పేరు ఉన్నప్పుడు అభ్యంతరం ఏమిటి? పేరు కలిసినంత మాత్రాన సరిపోదన్నదే చట్టం చెప్పే జవాబు. తెలంగాణ జాబితాలోని మాదిగ అంటే తెలంగాణలో ఆ కులం ఎదుర్కొన్న స్థితిగతుల ఆధారంగా తెలంగాణకు సంబంధించి గుర్తింపు పొందిన సమూహం, మహారాష్ట్ర జాబితాలోని మాదిగ అంటే అక్కడి స్థానిక సమూహం. ఇది వినడానికి పిడివాదంలా అనిపిస్తుంది, ముఖ్యంగా ముంబయి బస్తీలో ఆ ఇద్దరూ ఒకే వీధిలో ఉంటూ ఒకే వివక్షను భరిస్తున్నప్పుడు. అయినా సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనాలు మళ్లీ మళ్లీ నిలబెట్టిన సూత్రం ఇదే.

ఆ తీర్పుల్లో మొదటిది తెలుగు కుటుంబం నుంచి వచ్చినదే. తెనాలిలో పుట్టిన ఒక విద్యార్థి తండ్రి ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు తెగకు చెందినవాడిగా ధ్రువపత్రం పొంది, ఎస్టీ కోటాలోనే కేంద్ర ప్రభుత్వ రంగ ఎరువుల సంస్థలో ఉద్యోగం సంపాదించి, ఆ ఉద్యోగరీత్యా బొంబాయి చేరాడు. తొమ్మిదేళ్ల వయసులో తండ్రితో పాటు వెళ్లిన ఆ పిల్లవాడు అక్కడే చదువుకుని, వైద్య కళాశాలలో ఎస్టీ సీటు అడిగాడు. మహారాష్ట్ర ఒప్పుకోలేదు. 1990 మే 2న ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన ఆ తీర్పును మర్రి చంద్రశేఖరరావు కేసు అంటారు. రాజ్యాంగంలో ‘ఈ రాజ్యాంగ ప్రయోజనాల కోసం’ అన్న మాట కూడా ఉంది కాబట్టి ఒకచోట ఎస్టీ అయినవాడు దేశమంతటా ఎస్టీయేనని విద్యార్థి వాదించాడు. అలా చదివితే ‘ఆ రాష్ట్రానికి సంబంధించి’ అన్న మాటకు అర్థమే లేకుండా పోతుందని ధర్మాసనం చెప్పింది. ఒక కులం వెనుకబాటు ప్రతి రాష్ట్రంలో ఒకేలా ఉండదు, బయటి నుంచి వచ్చినవారు స్థానిక దళితులకు కేటాయించిన సీట్లు తీసుకుంటే నష్టపోయేది ఆ స్థానికులే అన్నది దాని తర్కం. 1994లో మరో రాజ్యాంగ ధర్మాసనం, 2018 ఆగస్టులో బీర్ సింగ్ కేసులో ఇంకో రాజ్యాంగ ధర్మాసనం దీన్నే బలపరిచాయి. వలస వచ్చినవారికి కూడా రిజర్వేషన్ ఇవ్వాలని ఏ రాష్ట్రానికైనా అనిపిస్తే తన అభిప్రాయాన్ని కేంద్రానికి తెలియజేసి పార్లమెంటు ద్వారా జాబితాను మార్పించుకోవాలే తప్ప, తనంతట తాను ఉత్తర్వు ఇవ్వరాదని ఈ చివరి తీర్పు స్పష్టంగా చెప్పింది.

అయితే వలస వచ్చిన కుటుంబం అని ఎవరిని అంటారు? ఇది అందరూ పొరబడే చోటు. పిల్ల ముంబయిలో పుట్టింది, తండ్రి కూడా ముంబయిలోనే పుట్టాడు, రేషన్ కార్డు అక్కడే, ఓటు అక్కడే, కాబట్టి తాము మహారాష్ట్రవాసులమే కదా అని కుటుంబం అనుకుంటుంది. నివాస ధ్రువపత్రం, అంటే డొమిసైల్, వరకు ఆ మాట నిజమే. కులం విషయంలో లెక్క వేరు. 1977 మార్చి 22న కేంద్ర హోం శాఖ రాష్ట్రాలకు రాసిన లేఖ ప్రకారం, రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడిన నాటికి ఆ కుటుంబపు శాశ్వత నివాసం ఎక్కడ ఉందన్నదే కొలమానం. ఆ తేదీ తర్వాత పుట్టినవారికి, ఆనాడు వారి తల్లిదండ్రుల శాశ్వత నివాసం ఏదో అదే వీరి నివాసంగా లెక్కకు వస్తుంది. కూలికో చదువుకో తాత్కాలికంగా ఊరు విడిచి ఉన్నంత మాత్రాన శాశ్వత నివాసం మారదని కూడా ఆ లేఖ చెబుతుంది. అంటే ఎస్సీల విషయంలో ప్రశ్న ఇలా ఉంటుంది: 1950 ఆగస్టు 10 నాటికి మీ కుటుంబం ఎక్కడ స్థిరపడి ఉంది? మహారాష్ట్ర ఈ పద్ధతిని మరింత కచ్చితంగా పాటిస్తుంది. అక్కడ విముక్త జాతులకు, సంచార జాతులకు 1961 నవంబరు 21ని, ఓబీసీలకు 1967 అక్టోబరు 13ని గీటురాయి తేదీలుగా పెట్టుకుని, అంతకు ముందు నుంచీ తమ రాష్ట్రంలో ఉన్నట్టు రుజువు అడుగుతారు.

దీనివల్ల ముంబయి తెలుగువారిలోనే రెండు వర్గాలు ఏర్పడతాయి. కామాఠీపురకు ఆ పేరు తెచ్చిన కామాఠీలు పాత నిజాం రాజ్యం నుంచి ఎప్పుడో వెళ్లిన తెలుగు శ్రామికులు. అలా 1950కి ముందే అక్కడ స్థిరపడిన దళిత కుటుంబం, తన కులం మహారాష్ట్ర జాబితాలో ఉంటే, వలస కుటుంబం కాదు. తాతదో ముత్తాతదో స్కూలు రికార్డు, మునిసిపల్ జనన మరణ రిజిస్టరులో నమోదు, పాత అద్దె రసీదు, మిల్లులో పనిచేసిన కాగితం వంటివి 1950కి ముందువి దొరికితే స్థానికులుగానే పత్రం అడగవచ్చు. కరవు కాలంలో పాలమూరు నుంచి కట్టడాల పనికి వెళ్లిన కుటుంబాలది రెండో వర్గం. వాళ్లు యాభై ఏళ్లుగా అక్కడే ఉన్నా, చట్టం దృష్టిలో తెలంగాణ ఎస్సీలే.

ఈ రెండో వర్గానికి పత్రం అసలు ఎవరు ఇవ్వాలి? ఒకప్పుడు సొంత రాష్ట్రపు అధికారే ఇవ్వాలనేవారు. బయట పుట్టిన పిల్లలకు, ఊళ్లో వాళ్లను ఎరిగినవారే లేనప్పుడు, అది చాలా కష్టమయ్యేది. అందుకే 1982లోను, తర్వాత 1984లోను కేంద్రం రాష్ట్రాలకు ఒక వెసులుబాటు సూచించింది. తండ్రికి సొంత రాష్ట్రపు అధికారి ఇచ్చిన అసలు ధ్రువపత్రాన్ని చూపితే, దాని ఆధారంగా పిల్లలకు వలస వెళ్లిన రాష్ట్రపు అధికారే పత్రం ఇవ్వవచ్చు. అనుమానం ఉంటేనే సొంత రాష్ట్రానికి రాసి విచారణ చేయించాలి. ఇంకా ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఆ కులం కొత్త రాష్ట్రపు జాబితాలో లేకపోయినా పత్రం ఇవ్వవచ్చునని 1984 లేఖ చెప్పింది. కాబట్టి ‘మీ కులం మా జాబితాలో లేదు, కనుక ఇవ్వం’ అని కౌంటరులో ఎవరైనా అంటే, ఆ మాట సరికాదు. ఆ లేఖను ప్రస్తావిస్తూ రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, తిరస్కరిస్తే కారణం కూడా రాతలోనే అడగాలి. అయితే అదే లేఖ, ఈ సదుపాయం వల్ల ఆ వ్యక్తి హోదా రెండు రాష్ట్రాల్లో దేనికి సంబంధించీ మారదని కూడా చెప్పింది. 1985 ఫిబ్రవరి 22 నాటి లేఖ దాన్ని మరింత విప్పి, వలస వెళ్లినవారు సొంత రాష్ట్రపు ఎస్సీ, ఎస్టీలుగానే పరిగణన పొందుతారని, ప్రయోజనాలు అక్కడి నుంచే తప్ప వలస వెళ్లిన రాష్ట్రం నుంచి కావని స్పష్టం చేసింది.

ఈ సంగతి పత్రం మీదే రాసి ఉంటుంది, చూసుకోవడం తెలియాలి. కేంద్ర ప్రభుత్వ నమూనాలో మొదటి పేరా ఫలానా వ్యక్తి ఫలానా రాష్ట్రంలో ఫలానా కులానికి చెందినవారని, ఆ కులం ఏ రాష్ట్రపతి ఉత్తర్వు కింద గుర్తింపు పొందిందో చెబుతుంది. రెండో పేరా వలస వచ్చినవారికి మాత్రమే వర్తిస్తుంది. తండ్రి లేదా తల్లి పేరు, వారి ఊరు, జిల్లా, రాష్ట్రం, వారికి పత్రం ఇచ్చిన అధికారి ఎవరు, ఏ తేదీన ఇచ్చారు అన్నవి అందులో నింపుతారు. మూడో పేరా ఇప్పుడు ఎక్కడ నివసిస్తున్నారో చెబుతుంది. స్థానికులకు ఇచ్చిన పత్రంలో రెండో పేరా కొట్టేసి ఉంటుంది, వలస కుటుంబపు పత్రంలో నిండి ఉంటుంది. ముంబయి అధికారి ముద్ర ఉంది కదా అని దాన్ని మహారాష్ట్ర ఎస్సీ పత్రం అనుకోకుండా ఈ రెండో పేరా మీద కన్నేస్తే, చాలా అపోహలు అక్కడే తొలగిపోతాయి.

ఒక కల్పిత కుటుంబాన్ని తీసుకుని దీన్ని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. పాలమూరు జిల్లాలోని ఒక పల్లెకు చెందిన మాదిగ కూలి 1972లో ముంబయి చేరాడు. ఆయన కొడుకు 1976లో అక్కడే పుట్టి, డ్రైవరుగా పనిచేస్తున్నాడు. మనవరాలు పన్నెండో తరగతి చదువుతూ నీట్‌కు తయారవుతోంది. ఇంట్లో ఎవరికీ కుల ధ్రువపత్రం లేదు. తాతకు అవసరం పడలేదు, తండ్రి పదో తరగతితో చదువు ఆపేశాడు.

ఈ కుటుంబం నేరుగా ముంబయి అధికారి దగ్గరకు వెళితే పని జరగదు, ఎందుకంటే ఆయన ఆధారంగా తీసుకోవలసిన తండ్రి పత్రమే లేదు. కాబట్టి మొదటి అడుగు పల్లెలో పడాలి. తండ్రి తన పేర సొంత మండలంలో, మీసేవ ద్వారా, తహసీల్దారుకు దరఖాస్తు చేసుకోవాలి. ఆయన పుట్టింది ముంబయిలో, చదివింది ముంబయిలో, కాబట్టి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు విచారణకు వచ్చినప్పుడు కుటుంబానికి ఆ ఊరితో సంబంధం ఉన్నట్టు చూపవలసింది తాత ఆధారాలతోనే. తాత పేర ఇంకా పహాణీలో ఒక ఎకరమో అరెకరమో ఉంటే అది బలమైన ఆధారం. భూమి లేకపోతే ఊరి బడిలో తాత చదివిన ఆధారం, పాత ఓటర్ల జాబితాలో పేరు, అన్నిటికన్నా మేలుగా తాత సొంత తమ్ముడి కుటుంబానికి ఆ మండలంలోనే ఇదివరకు ఇచ్చిన కుల ధ్రువపత్రం, దానితో పాటు ఇద్దరూ ఒకే తండ్రి బిడ్డలని చూపే వంశవృక్షం పనికొస్తాయి. రక్తసంబంధీకుల పత్రం ఉన్నప్పుడు విచారణ సగం తేలికవుతుంది. ఊళ్లో మిగిలిన బాబాయిల కుటుంబంతో తెగిపోయిన రాకపోకలను ఈ పని కోసం మళ్లీ కలుపుకోవలసి వస్తుంది, అది కూడా పత్రాల పనిలో భాగమే.

ఇంటిపేరు, పేర్ల రాత ఇక్కడ పెద్ద చిక్కు. మహారాష్ట్ర స్కూళ్లలో పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు వస్తాయి. తెలంగాణ రికార్డులో ఇంటిపేరు ముందు, తర్వాత పేరు, తండ్రి పేరు విడిగా ఉంటాయి. తాత పహాణీలో ఒక స్పెల్లింగు, తండ్రి ఆధార్‌లో మరొక స్పెల్లింగు, స్కూలు రికార్డులో కులం దగ్గర ‘హిందూ తెలుగు’ అనో ‘కామాఠీ’ అనో రాసి ఉండటం చాలా మామూలు. కులం గడిలో మాదిగ అని లేకుండా ఇలాంటి మాట ఉంటే అది ప్రతికూల ఆధారంగా మారుతుంది. ఆ రికార్డు దిద్దించుకోవడం అన్నిచోట్లా సాధ్యం కాదు కాబట్టి, అదే మనిషి అని చూపే అఫిడవిట్టును, కులం సరిగా రాసి ఉన్న పాత రికార్డును ముందుగానే దగ్గర పెట్టుకోవాలి.

తండ్రి పత్రం చేతికి వచ్చాక రెండో అడుగు ముంబయిలో. అసలు పత్రం, దాని నకలు, కూతురి జనన ధ్రువపత్రం, స్కూలు రికార్డు, ఇప్పటి నివాస ఆధారాలు జతచేసి కలెక్టరు పరిధిలోని సంబంధిత అధికారికి దరఖాస్తు చేస్తే, రెండో పేరా నింపిన పత్రం కూతురికి వస్తుంది. కావాలనుకుంటే కూతురు కూడా తెలంగాణ తహసీల్దారు నుంచే నేరుగా పత్రం తెచ్చుకోవచ్చు, దాని విలువ ఏమీ తక్కువ కాదు.

ఇప్పుడు ఆ పత్రంతో ఏమవుతుందో చూద్దాం. నీట్ దరఖాస్తులో ఆమె ఎస్సీ అని రాయవచ్చు, రాయాలి కూడా. అర్హత మార్కులు ఎస్సీకి ఉన్నవే వర్తిస్తాయి. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో అఖిల భారత కోటాకు వెళ్లే 15 శాతం సీట్లలో ఆమె ఎస్సీ. ఎయిమ్స్ వంటి కేంద్ర సంస్థల్లోనూ అంతే. మహారాష్ట్ర నింపుకునే రాష్ట్ర కోటా సీట్లలో మాత్రం, ఆమె డొమిసైల్ ఉన్న విద్యార్థే అయినా, ఎస్సీ సీటు రాదు, జనరల్‌లోనే పోటీ పడాలి. మరి సొంత రాష్ట్రం తెలంగాణలో? అక్కడ ఆమె కులానికి ఏ అభ్యంతరమూ లేదు, కానీ స్థానికత అడ్డం వస్తుంది. స్థానిక అభ్యర్థిగా లెక్కకు రావాలంటే ఇంటర్ వరకు వరుసగా నాలుగేళ్లు తెలంగాణలో చదివి ఉండాలన్న నియమం ఆమెను బయట పెడుతుంది. ఇలా ఒకే అమ్మాయికి పుట్టి పెరిగిన రాష్ట్రంలో కులం చెల్లదు, కులం చెల్లే రాష్ట్రంలో స్థానికత చెల్లదు. ఇది న్యాయమని నేను అనలేను. వలస కూలి కుటుంబపు పిల్లకు జరిగే ఈ నష్టాన్ని మర్రి చంద్రశేఖరరావు తీర్పు రాసినవారు కూడా గమనించారు. తమ ఇష్టంతో కాక ఉద్యోగం వల్లనో వృత్తి వల్లనో ఊరు మారినవారికి, స్థానిక దళితుల హక్కుకు భంగం కలగకుండా ఏదైనా ఏర్పాటు చేయగలిగితే మేలని, దానికోసం శాసనసభలు, పార్లమెంటు చట్టం చేయడం గురించి ఆలోచించాలని అదే తీర్పులో అన్నారు. ఇలాంటి కుటుంబాలు పిల్ల తొమ్మిదో తరగతిలో చేరకముందే, అంటే పిల్ల చదువు ఎక్కడ సాగించాలో ఇంకా నిర్ణయించుకోగల సమయంలోనే, రెండు రాష్ట్రాల నియమాలూ పక్కపక్కన పెట్టి చూసుకోవడం అవసరం.

కేంద్రానికి సంబంధించిన ప్రతిచోటా ఈ పత్రం పూర్తి బలంతో పనిచేస్తుందన్నది మరచిపోకూడదు. యూపీఎస్సీ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్, రైల్వే, జాతీయ బ్యాంకులు, ఐఐటీలు, కేంద్రీయ విశ్వవిద్యాలయాలు అభ్యర్థి ఎక్కడ నివసిస్తున్నాడని కాక, సొంత రాష్ట్రపు జాబితాలో ఉన్నాడా అని చూస్తాయి. ఢిల్లీ కేంద్ర పాలిత ప్రాంతం కాబట్టి అక్కడి ఉద్యోగాల్లో దేశంలోని ఏ రాష్ట్రపు ఎస్సీ అయినా పోటీ పడవచ్చునని బీర్ సింగ్ కేసులో నలుగురు న్యాయమూర్తులు ఒప్పుకున్నారు, ఒకరు విభేదించారు. ఎన్నికల చట్టంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం నాలుగో సెక్షను ప్రకారం ఎస్సీ రిజర్వుడు లోక్‌సభ స్థానంలో ఏ రాష్ట్రపు ఎస్సీ అయినా నిలబడవచ్చు, ఐదో సెక్షను ప్రకారం ఎస్సీ రిజర్వుడు శాసనసభ స్థానంలో మాత్రం ఆ రాష్ట్రపు ఎస్సీయే నిలబడాలి. మన పాలమూరు డ్రైవరు మహారాష్ట్రలోని రిజర్వుడు స్థానం నుంచి ఎంపీ కాగలడు, ఎమ్మెల్యే కాలేడు.

రక్షణ విషయం ఇంకా ముఖ్యం. కొత్త రాష్ట్రంలో తమను కులం పేరుతో తిట్టినా, కొట్టినా, అక్కడ తాము ఎస్సీలం కాము కాబట్టి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదేమోనని చాలామంది ఫిర్యాదు చేయడం మానేస్తారు. పోలీసులు కూడా ఆ మాటే చెప్పి పంపించిన సందర్భాలున్నాయి. 2023లో బాంబే హైకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దీన్ని తేల్చింది. సొంత రాష్ట్రంలో ఎస్సీ లేదా ఎస్టీగా గుర్తింపు ఉన్న వ్యక్తికి దేశంలో ఎక్కడ దాడి జరిగినా ఆ చట్టం రక్షణ ఉంటుందని చెప్పింది. రిజర్వేషన్ రాష్ట్రపు సరిహద్దు దగ్గర ఆగుతుంది, ఈ రక్షణ ఆగదు.

పెళ్లితో రాష్ట్రం మారిన ఆడవాళ్ల పరిస్థితి కూడా వలసే. పంజాబ్‌లో ఎస్సీ అయిన వాల్మీకి కులపు మహిళ ఉత్తరాఖండ్‌కు కోడలిగా వెళ్లింది. ఆ కులం ఉత్తరాఖండ్‌లోనూ ఎస్సీయే. అయినా అక్కడి ఉద్యోగంలో ఆమెకు ఎస్సీ రిజర్వేషన్ వర్తించదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కులం పుట్టుకతో వస్తుంది కనుక పెళ్లి దాన్ని ఇవ్వదు, తీసివేయదు. కాబట్టి కర్ణాటకకో మహారాష్ట్రకో కోడలిగా వెళ్లిన తెలుగు ఎస్సీ మహిళ తన తండ్రి వైపు పత్రాన్నే వాడాలి, కొత్త రాష్ట్రంలో భర్త ఎస్సీ పత్రం ఆమెకు ఆధారం కాదు.

రెండు రాష్ట్రాల్లో వర్గమే మారిపోయే కులాల విషయంలో గందరగోళం మరింత ఎక్కువ. లంబాడీలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఎస్టీలు, కర్ణాటకలో ఎస్సీలు, మహారాష్ట్రలో బంజారా పేరుతో విముక్త జాతుల జాబితాలో ఉన్నారు. తెలంగాణ తండా నుంచి బెంగళూరుకు వెళ్లి స్థిరపడిన లంబాడీ కుటుంబం కేంద్ర ఉద్యోగ దరఖాస్తులో ఎస్టీ అనే రాయాలి. కర్ణాటకలో ఎస్సీ అని చూసి ఎస్సీ గడి నింపితే, పత్రం పరిశీలనకు వచ్చినప్పుడు దరఖాస్తుకు, పత్రానికి పొంతన ఉండదు. ఇలాంటి తప్పు మోసం చేయాలని చేసింది కాకపోయినా అభ్యర్థిత్వం రద్దవుతుంది.

వెనుకబడిన తరగతులకు కూడా మూలసూత్రం ఇదే. 1994 ఏప్రిల్‌లో కేంద్ర సంక్షేమ శాఖ ఇచ్చిన సూచన ప్రకారం, తండ్రి పత్రం ఆధారంగా కొత్త రాష్ట్రం ఓబీసీ పత్రం ఇవ్వవచ్చు, హోదా మాత్రం సొంత రాష్ట్రానిదే. కానీ ఇక్కడ రాష్ట్ర జాబితా వేరు, కేంద్ర జాబితా వేరు. కేంద్ర ఉద్యోగానికి సొంత రాష్ట్రం పేరిట ఉన్న కేంద్ర జాబితాలో కులం ఉండాలి, పైగా క్రీమీలేయరు కాదన్న ధ్రువీకరణ కావాలి. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా పత్రం వెనక్కి వస్తుంది కాబట్టి, తెలిసిన పేరు కాక జాబితాలో ముద్రించిన పేరే పత్రంలో రాయించుకోవాలి.

రాష్ట్ర విభజన వల్ల వలస వెళ్లకుండానే వలసదారులైనవారు కూడా మనలో ఉన్నారు. 2014 ఆగస్టులో తెలంగాణ తన వెనుకబడిన తరగతుల జాబితాను ఖరారు చేసుకుంటూ, ఆంధ్ర ప్రాంతానివిగా భావించిన 26 కులాలను వదిలేసింది. తూర్పు కాపు, కొప్పుల వెలమ, కళింగ వంటివి అందులో ఉన్నాయి. శ్రీకాకుళం నుంచి వచ్చి దశాబ్దాలుగా హైదరాబాదులో ఉంటున్న కుటుంబాలకు దీనితో ఒక్కసారిగా రాష్ట్ర స్థాయి బీసీ హోదా పోయింది. ఎస్సీల్లో మాల, మాదిగ వంటి ప్రధాన కులాలు రెండు జాబితాల్లోనూ ఉన్నా, మనిషి ఏ రాష్ట్రపు ఎస్సీ అన్న ప్రశ్న మిగులుతుంది. బీహార్ నుంచి జార్ఖండ్ విడిపోయినప్పుడు వచ్చిన ఇలాంటి వివాదంలో సుప్రీంకోర్టు 2021 ఆగస్టులో ఒక మధ్యమార్గం చెప్పింది. ఆ అభ్యర్థి రెండింటిలో ఏదో ఒక రాష్ట్రంలో రిజర్వేషన్ కోరవచ్చు, రెండింటిలోనూ ఒకేసారి కోరరాదు. అది బీహార్ పునర్వ్యవస్థీకరణ చట్టంలోని నిబంధనల మీద ఆధారపడిన తీర్పు కాబట్టి తెలుగు రాష్ట్రాలకు యథాతథంగా అన్వయించుకోలేము. అయినా రెండు చోట్లా రెండు పత్రాలు తీసుకుని అవసరాన్ని బట్టి ఒక్కోటి చూపడం ప్రమాదమన్న సంగతి మాత్రం దానిలో స్పష్టంగా ఉంది.

అన్నిటికన్నా పెద్ద నష్టం స్థానికులమని చూపి పత్రం తీసుకున్నప్పుడు జరుగుతుంది. బ్రోకరు ఎవరో డబ్బు తీసుకుని, సొంత రాష్ట్రం ప్రస్తావనే లేకుండా, రెండో పేరా కొట్టేసిన పత్రం తెచ్చి ఇస్తాడు. కుటుంబం దాన్ని నిజమైన పత్రమే అనుకుంటుంది, కులం నిజమే కదా అని ధైర్యంగా కూడా ఉంటుంది. మహారాష్ట్రలో కథ అక్కడితో ముగియదు. 2000 నాటి చట్టం కింద ఆ పత్రాన్ని జిల్లా పరిశీలనా కమిటీ ముందు పెట్టి, అక్కడివారు ‘వ్యాలిడిటీ’ అని పిలిచే చెల్లుబాటు పత్రం తెచ్చుకోవాలి. కమిటీ విజిలెన్స్ విభాగం ఇంటికి వస్తుంది, స్కూలు రికార్డు తిరగేస్తుంది, 1950కి ముందు నివాసానికి ఆధారం అడుగుతుంది. లేదని తేలితే పత్రం రద్దవుతుంది, దాని మీద వచ్చిన సీటు, ఉద్యోగం పోతాయి, పొందిన రాయితీని వసూలు చేస్తారు, కేసు కూడా నడపవచ్చు. ఎన్నో ఏళ్లు సర్వీసు చేశాం కాబట్టి కనికరించమన్న వాదన కూడా ఇప్పుడు నిలవదు. చెల్లని కుల పత్రంతో సంపాదించిన ఉద్యోగాన్ని సానుభూతితో కాపాడలేమని 2017 జులైలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. ఇప్పటికే అలాంటి పత్రం చేతిలో ఉన్న కుటుంబం, దాన్ని ఏ సీటుకూ వాడకముందే, సొంత మండలం నుంచి తండ్రి పేర సరైన పత్రం తెచ్చుకుని, దాని ఆధారంగా రెండో పేరా నిండిన కొత్త పత్రానికి దరఖాస్తు చేయాలి. పాత పత్రాన్ని జారీ చేసిన కార్యాలయానికే రసీదు తీసుకుని తిరిగి అప్పగించాలి.